ఏడాది మొత్తానికి ఒక మిల్లీగ్రాము

ముట్లుడిగిన ఆడవాళ్లకు యోనిలో రాసుకోవడానికి రాసిచ్చే ఈస్ట్రోజెన్ క్రీము డబ్బా విప్పితే, ట్యూబుతో పాటు మడతలు పెట్టిన కాగితం ఒకటి బయటికొస్తుంది. చదువుకున్నవాళ్లయితే దాన్ని కచ్చితంగా చదువుతారు. రొమ్ము క్యాన్సర్, గర్భసంచి క్యాన్సర్, గుండెపోటు, పక్షవాతం, కాళ్లలో రక్తం గడ్డకట్టడం అంటూ వరసగా హెచ్చరికలు కనిపిస్తాయి. చాలామంది అక్కడితో ట్యూబుకు మూత పెట్టి బీరువాలో పడేస్తారు. నెల తర్వాత మళ్లీ మంటతో వస్తారు. "మందు వాడారా అమ్మా?" అని అడిగితే, "అది హార్మోనట కదండీ, మా అమ్మాయి వద్దంది" అంటారు.

ఆ కాగితంలోని భయం వేరే మందుకు సంబంధించింది. ఒళ్లంతటికీ పనిచేసేలా మాత్రల రూపంలోనో పట్టీల రూపంలోనో తీసుకునే హార్మోన్ చికిత్స గురించిన హెచ్చరికను, చిటికెడు క్రీముకూ అంటగట్టేశారు. ఎందుకు అలా జరిగిందో తెలుసుకునే ముందు, అసలు ఈ బాధ ఎలా మొదలవుతుందో ఒక ఉదాహరణగా చూద్దాం. ఓపీకి వచ్చే పలువురి కథలను కలిపి ఒక్కరిగా చెబుతున్నాను.

ఆమె వయసు 54. పల్లెటూరి బడిలో టీచరు. 48 ఏళ్లకు నెలసరి ఆగిపోయింది. మొదటి రెండేళ్లూ వేడి ఆవిర్లు, రాత్రిళ్లు చెమటలు పట్టాయి. తర్వాత అవి వాటంతటవే తగ్గిపోయాయి. హమ్మయ్య, గండం గడిచిందనుకుంది. ఆ తర్వాతే మూత్రం పోసేటప్పుడు మంట మొదలైంది. ఊళ్లో డాక్టరు యూరిన్ ఇన్ఫెక్షన్ అని అయిదు రోజులకు యాంటీబయాటిక్ ఇచ్చాడు. తగ్గింది. రెండు నెలలకు మళ్లీ వచ్చింది. మళ్లీ మాత్రలు. మూడోసారి మంటతో పాటు దురద కూడా ఉంటే ఫంగస్ అని పైపూత ఇచ్చారు. టౌనుకు వెళ్లి షుగరు పరీక్ష చేయించుకుంటే మామూలుగానే ఉంది. మా దగ్గరికి వచ్చేసరికి ఆమె చేతి సంచిలో మూడు యూరిన్ కల్చర్ రిపోర్టులున్నాయి. మొదటిదాంట్లో ఈ-కోలై అనే బ్యాక్టీరియా పెరిగింది. మిగతా రెండింట్లో ఏమీ పెరగలేదు.

ఆ రెండు రిపోర్టుల మీద ఎవరూ చూపు నిలపలేదు. క్రిమి లేదు, మంట మాత్రం ఉంది. అయినా ప్రతిసారీ యాంటీబయాటిక్కే వేసుకుంది.

పరీక్ష చేస్తే విషయం తేటతెల్లమైంది. యోని గోడలు మామూలుగా గులాబి రంగులో, తడిగా, ముడతలు ముడతలుగా ఉంటాయి. ఆమెకు ఆ ముడతలన్నీ చదునైపోయాయి. రంగు పాలిపోయింది. అక్కడక్కడా సూదిమొనంత ఎర్రటి చుక్కలున్నాయి, దూది తగిలితే చాలు రక్తం చెమ్మగిల్లేలా. మూత్రద్వారం ఎర్రగా బయటికి ఉబ్బినట్టుంది. గోడకు పీహెచ్ కాగితం ఆనిస్తే 6.5 చూపించింది. నెలసరి వచ్చే వయసులో అది 4.5 లోపే ఉండాలి.

"దాంపత్యంలో నొప్పి ఉంటుందా అమ్మా?" అని అడిగితే చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "మూడేళ్లయింది మేడం, దగ్గరికి రానివ్వడం మానేసి. ఆయనకేమో నాకిష్టం లేదనుకుంటున్నారు. చెప్పుకోలేక నోరు మూసుకున్నాను" అంది.

ఈ మాట ఆమె మూత్రంలో మంటతో మొదలైన ఏ డాక్టరు దగ్గరా చెప్పలేదు. ఎవరూ అడగలేదు కూడా. రెండూ ఒకే జబ్బు ముఖాలని ఆమెకు తెలిసే దారి లేకపోయింది.

యోని గోడ, మూత్రద్వారం, మూత్రాశయం అడుగుభాగం ఈస్ట్రోజెన్ మీద ఆధారపడి బతికేవే. అండాశయాలు ఆ హార్మోన్ తయారీ ఆపేశాక అన్నీ కలిసే ఎండిపోతాయి. గోడ మీది కణాల పొరలు పలచబడతాయి, రక్తప్రసరణ తగ్గుతుంది, తడి తగ్గుతుంది, సాగే గుణం పోతుంది. ఇంకో మార్పు కూడా జరుగుతుంది. ఈస్ట్రోజెన్ ఉన్నంతకాలం ఆ కణాల్లో గ్లైకోజెన్ అనే ఒక రకం పిండిపదార్థం నిల్వ ఉంటుంది. దాని ఆధారంగా లాక్టోబాసిల్లస్ అనే మేలుచేసే బ్యాక్టీరియా పెరుగుతుంది. పాలను తోడుపెట్టి పెరుగు చేసే క్రిముల చుట్టమే ఇది. అది పుట్టించే లాక్టిక్ ఆమ్లం వల్లే యోని పుల్లగా, అంటే ఆమ్లగుణంతో ఉంటుంది. ఆ ఆమ్లంలో మలద్వారం వైపునుంచి వచ్చే ఈ-కోలై లాంటివి నిలదొక్కుకోలేవు. ఈస్ట్రోజెన్ పోతే గ్లైకోజెన్ పోతుంది, దాంతో లాక్టోబాసిల్లస్ తగ్గుతుంది, ఆమ్లం తగ్గుతుంది. ఇక కాపలా లేని దారిలో ఈ-కోలై నేరుగా మూత్రద్వారం దాకా వస్తుంది. (పెరుగు రాసుకుంటే సరిపోతుందా అని కొందరు అడుగుతారు. సరిపోదు. తినడానికి గ్లైకోజెన్ లేని చోట ఆ క్రిమి నిలవదు.)

అందుకే టీచరమ్మకు మొదటిసారి నిజంగానే ఇన్ఫెక్షన్ వచ్చింది. తర్వాత రెండుసార్లూ క్రిమి లేకుండా, పలచబడిన చర్మం మీద మూత్రం తగిలి మండింది. రెండింటికీ మూలం ఒకటే.

2014లో రెండు అంతర్జాతీయ వైద్యసంఘాలు ఈ లక్షణాలన్నిటినీ కలిపి మెనోపాజ్ తర్వాతి జనన, మూత్రావయవాల సమస్యగా ఒకే పేరు పెట్టాయి. అంతకుముందు దీన్ని యోని శోషగా మాత్రమే చూసేవారు, మూత్రం బాధ లెక్కలోకి వచ్చేది కాదు. ముట్లుడిగిన స్త్రీలలో దాదాపు సగం మందికి ఈ బాధ ఏదో ఒక మేరకు ఉంటుంది. వేడి ఆవిర్లకూ దీనికీ పెద్ద తేడా ఒకటుంది. ఆవిర్లు చాలామందికి కొన్నేళ్లకు వాటంతటవే తగ్గుతాయి. ఇది తగ్గదు. చికిత్స లేకపోతే ఏడాదికేడాది ముదురుతుంది.

భర్తతో సంబంధం లేనివాళ్లకు, వితంతువులకు ఇది పట్టించుకోవాల్సిన విషయం కాదనుకోవడం పెద్ద పొరపాటు. ఎక్కువసేపు కూర్చుంటే ఒరుసుకుపోయినట్టు ఉండటం, నడిస్తే బట్ట రాసుకుని మండటం, రాత్రి మూడు నాలుగు సార్లు మూత్రానికి లేవాల్సి రావడం, ఆగమంటే ఆగకపోవడం వాళ్లకూ ఉంటాయి. "ఈ వయసులో ఇంకా అవన్నీ ఎందుకు" అని నవ్వే ఇంట్లో ఎనభై ఏళ్ల పెద్దావిడ ఈ బాధతో మూలుగుతూ ఉండొచ్చు. ఆవిడకూ ఇదే మందు పనిచేస్తుంది.

ఇప్పుడు ఆ కాగితం సంగతి.

2002 జులైలో అమెరికాలో ఉమెన్స్ హెల్త్ ఇనిషియేటివ్ అనే భారీ పరిశోధనలో ఒక భాగాన్ని మధ్యలో ఆపేశారు. అందులో 16,608 మంది ఉన్నారు, సగటు వయసు 63. ఒక గుంపుకు రోజూ ఈస్ట్రోజెన్, ప్రొజెస్టిన్ కలిసిన మాత్ర ఇచ్చారు, రెండో గుంపుకు ఉత్తమాత్ర ఇచ్చారు. పదివేల మందిని ఏడాదిపాటు గమనిస్తే ఉత్తమాత్ర గుంపులో 30 మందికి రొమ్ము క్యాన్సర్ వచ్చింది, హార్మోన్ గుంపులో 38 మందికి వచ్చింది. గుండెపోటు, పక్షవాతం, రక్తం గడ్డలు కూడా కొంత పెరిగాయి. తుంటి ఎముక విరగడం, పెద్దపేగు క్యాన్సర్ తగ్గాయి. పత్రికలన్నీ మొదటి సగాన్నే పతాక శీర్షికలుగా వేశాయి. ప్రపంచమంతటా ఆడవాళ్లు మాత్రలు చెత్తబుట్టలో వేశారు. తర్వాత అవే లెక్కలను వయసుల వారీగా విడదీసి చూశారు. అరవై లోపు ఉండి, ముట్లుడిగి పదేళ్లు దాటకుండా, వేడి ఆవిర్లతో నలిగిపోయే ఆరోగ్యవంతులకు ఈ చికిత్స వల్ల సాధారణంగా నష్టం కంటే మేలే ఎక్కువని తేలింది. కానీ ఆ మాట అంత గట్టిగా వినిపించలేదు.

ఆ పరిశోధన తర్వాత అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ, ఈస్ట్రోజెన్ ఉన్న ప్రతి మందు మీదా ఒకే నల్లగీతల హెచ్చరిక వేయించింది. మాత్ర, పట్టీ, జెల్, యోనిలో పెట్టే అతి చిన్న బిళ్ల, అన్నిటికీ ఒకటే. పరిశోధనలో వాడింది మింగే మాత్ర. యోనిలో పెట్టే మందును అందులో పరీక్షించనే లేదు.

మోతాదు లెక్క వేస్తే తేడా కళ్లకు కడుతుంది. యోనిలో పెట్టే ఈస్ట్రడయాల్ బిళ్లలో 10 మైక్రోగ్రాముల హార్మోన్ ఉంటుంది. మొదటి రెండు వారాలు రోజుకొకటి, ఆ తర్వాత వారానికి రెండు. మొదటి ఏడాది అంతా కలిపితే 114 బిళ్లలు. అంటే 1,140 మైక్రోగ్రాములు, ఒక మిల్లీగ్రాము కంటే కాస్త ఎక్కువ. వేడి ఆవిర్లకు మింగే ఈస్ట్రడయాల్ మాత్ర ఒక్కటే మిల్లీగ్రాము ఉంటుంది, దాన్ని రోజూ మింగాలి. యోని బిళ్లతో ఏడాది మొత్తం తీసుకునేది ఆ మాత్రతో ఒక రోజులో తీసుకునేదానికి దాదాపు సమానం. ఆ కొంచెంలోనూ ఎక్కువభాగం అక్కడి కణాలే వాడుకుంటాయి. రక్తంలో ఈస్ట్రడయాల్ మోతాదు ముట్లుడిగినవాళ్లకు మామూలుగా ఉండే స్థాయిలోనే ఉంటుంది. మొదటి కొన్ని రోజులు గోడ పలచగా ఉండటం వల్ల కాస్త ఎక్కువ ఇంకుతుంది. గోడ దళసరెక్కాక అదీ తగ్గిపోతుంది.

మన దగ్గర ఎక్కువగా రాసేది ఈస్ట్రియాల్ క్రీము. ఈస్ట్రియాల్ స్వభావరీత్యా బలహీనమైన ఈస్ట్రోజెన్. కాబట్టి దాని మిల్లీగ్రాములను ఈస్ట్రడయాల్ మిల్లీగ్రాములతో నేరుగా పోల్చకూడదు. ఇంకొక రకం, కాంజుగేటెడ్ ఈస్ట్రోజెన్ క్రీము కూడా దొరుకుతుంది. దాన్ని పెద్ద మోతాదులో రోజూ వాడితే రక్తంలోకి చెప్పుకోదగ్గంతే చేరుతుంది. అందుకే ఏ క్రీమైనా డాక్టరు చెప్పిన కొలతకు మించకూడదు. భరోసా ఇచ్చేది తక్కువ మోతాదు మాత్రమే.

తక్కువ మోతాదు వాడినవాళ్లను ఏళ్ల తరబడి గమనించిన అధ్యయనాలూ ఉన్నాయి. ఉమెన్స్ హెల్త్ ఇనిషియేటివ్‌లోనే, తమంతట తాముగా యోని ఈస్ట్రోజెన్ వాడుతున్నవాళ్లను, వాడనివాళ్లను పోల్చి 2018లో ప్రచురించారు. రొమ్ము క్యాన్సర్, గర్భసంచి లోపొర క్యాన్సర్, గుండెజబ్బు, పక్షవాతం, రక్తం గడ్డలు వాడినవాళ్లలో పెరగలేదు. బ్రిటన్‌లో 2022లో, 50 దాటిన ఆడవాళ్లు 10 మైక్రోగ్రాముల బిళ్లను డాక్టరు చీటీ లేకుండానే ఫార్మసిస్టును అడిగి కొనుక్కునేలా అనుమతించారు. చివరకు 2025 నవంబరులో ఎఫ్‌డీఏ కూడా ఆ నల్లగీతల హెచ్చరికను తీసేయిస్తున్నట్టు ప్రకటించింది. డబ్బాలోని పాత కాగితాలు మాత్రం అంత త్వరగా మారవు.

రెండు చికిత్సలూ వేర్వేరని అర్థమైతే, దేనితో ఏం ఆశించాలో కూడా తెలుస్తుంది. యోనిలో వాడే మందు వేడి ఆవిర్లను తగ్గించదు, ఎముకలను కాపాడదు, నిద్ర పట్టించదు. అది అంత దూరం ప్రయాణించదు కాబట్టే సురక్షితం. ఒళ్లంతటి చికిత్స తీసుకునేవాళ్లకు గర్భసంచి ఉంటే, ఈస్ట్రోజెన్‌తో పాటు ప్రొజెస్టెరాన్ తరహా మందు కూడా తప్పనిసరి. లేకపోతే గర్భసంచి లోపొర అదుపు లేకుండా పెరిగి క్యాన్సర్‌కు దారితీయొచ్చు. తక్కువ మోతాదు యోని ఈస్ట్రోజెన్‌కు ఆ తోడు అక్కర్లేదు. మరోవైపు, ఒళ్లంతటికీ మాత్ర వేసుకుంటున్నా యోని పొడితనం తగ్గనివాళ్లు ఉంటారు. వాళ్లకు రెండూ కలిపి ఇవ్వాల్సి వస్తుంది.

తెలుగు నాట ఒక మాట ప్రత్యేకంగా చెప్పుకోవాలి. దేశంలో గర్భసంచి తొలగింపు ఆపరేషన్లు ఎక్కువగా జరిగే రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ఉన్నాయి. ముప్ఫైల్లోనే చేయించుకున్నవాళ్లు పల్లెల్లో ఎందరో. గర్భసంచితో పాటు రెండు అండాశయాలనూ తీసేస్తే, మర్నాటి నుంచే మెనోపాజ్. అలాంటి చిన్న వయసువాళ్లకు కేవలం క్రీము చాలదు. ఎముకలకూ గుండెకూ ఆ హార్మోన్ ఇంకా అవసరం కనుక, వేరే అడ్డంకులు లేకపోతే మామూలుగా ముట్లుడిగే వయసు వచ్చేదాకా ఒళ్లంతటి హార్మోన్ చికిత్స సూచిస్తారు. ఆపరేషన్ కాగితాల్లో అండాశయాలు ఉంచారో తీశారో రాసి ఉంటుంది. ఆ కాగితం పారేయకండి.

మన టీచరమ్మకు ఈస్ట్రియాల్ క్రీము రాశాం. గ్రాముకు ఒక మిల్లీగ్రాము మందు ఉండే రకం. రాత్రి పడుకునే ముందు అర గ్రాము చొప్పున రెండు వారాలు, తర్వాత వారానికి రెండు రాత్రులు. 15 గ్రాముల ట్యూబు మొదటిసారి పది వారాల దాకా వస్తుంది. ట్యూబుతో ఇచ్చే గొట్టం గుచ్చుకుంటుందని కొందరు భయపడతారు. చేతులు కడుక్కుని వేలితో రాసుకున్నా చాలు. చూపుడువేలి మొదటి కణుపు పొడుగునా పిండితే దాదాపు అర గ్రాము. అందులో కొంత లోపల రాసుకుని, మిగిలింది యోని ముఖం దగ్గర, మూత్రద్వారం చుట్టూ రాసుకోవాలి. బిళ్లను లోతుగా పెట్టేసి ముఖద్వారాన్ని వదిలేస్తే, నొప్పి అసలు ఎక్కడుందో అక్కడికి మందు అందదు. దాంపత్యానికి ముందు మాత్రం దీన్ని జిగురుగా వాడకూడదు. దానికి వేరే లూబ్రికెంట్లు ఉన్నాయి.

మొదటి వారం ఆమె ఫోన్ చేసింది. "రాసుకుంటే ఇంకా మండుతోంది, ఆపేయనా?" పచ్చిగా ఉన్న చోట ఏది తగిలినా మొదట మండుతుంది. గోడ దళసరెక్కే కొద్దీ పోతుంది. మానొద్దని చెప్పాం. స్నానంలో అక్కడ సబ్బు, డెట్టాల్ నీళ్లు, టీవీ ప్రకటనల్లో చూపే ద్రవాలు అన్నీ ఆపించాం. ఉత్త నీళ్లు చాలు. మూడు నాలుగు వారాలకు మంట తగ్గడం మొదలైంది. పూర్తి ఫలితానికి రెండు మూడు నెలలు పడుతుంది. మూడో నెలలో పీహెచ్ కాగితం 5 లోపు చూపించింది.

మూత్రం ఇన్ఫెక్షన్ల విషయంలో దీనికి గట్టి ఆధారం 1993 నాటిదే. ఇన్ఫెక్షన్లు మళ్లీ మళ్లీ వచ్చే 93 మంది ముట్లుడిగిన స్త్రీల మీద, ఇదే ఈస్ట్రియాల్ క్రీముతో చేసిన పరీక్ష అది. ఉత్తక్రీము రాసుకున్నవాళ్లకు ఏడాదికి సగటున దాదాపు ఆరుసార్లు ఇన్ఫెక్షన్ వస్తే, మందు రాసుకున్నవాళ్లకు సగటున ఒక్కసారి కూడా రాలేదు. ముప్ఫై ఏళ్లు దాటినా ఈ సంగతి యాంటీబయాటిక్ రాసే ప్రతి చేతికీ చేరకపోవడం నాకు నిజంగా బాధ కలిగిస్తుంది.

మందు ఆపితే కొన్ని వారాల్లోనో నెలల్లోనో బాధ తిరిగొస్తుంది. బీపీ మాత్ర లాగే కొనసాగించాల్సిందే. ఎన్నేళ్లు అని గడువేమీ లేదు.

అందరికీ ఇదే మొదటి మందు కాదు. రొమ్ము క్యాన్సర్ వచ్చినవాళ్లు హార్మోన్ లేని మాయిశ్చరైజర్లతో, లూబ్రికెంట్లతో మొదలుపెట్టాలి. మాయిశ్చరైజర్‌ను వారానికి రెండు మూడు సార్లు క్రమంగా వాడాలి. లూబ్రికెంట్ దాంపత్యం సమయంలో మాత్రమే. అవి చాలకపోతే క్యాన్సర్ డాక్టరును సంప్రదించాకే ఈస్ట్రోజెన్ ఆలోచన. ముఖ్యంగా లెట్రోజోల్, అనాస్ట్రోజోల్ లాంటి మాత్రలు వాడుతున్నవాళ్లు తమంతట తాము క్రీము మొదలుపెట్టకూడదు. ఆ మాత్రల పనే ఒంట్లో ఈస్ట్రోజెన్‌ను అడుగంటించడం. లేజర్‌తో యోనికి పునర్యౌవనం అంటూ నగరాల్లో వెలిసిన ప్రకటనలకు డబ్బు తగలేయకండి. 2021లో ఒక పరీక్షలో నిజమైన లేజర్‌కూ, ఉత్తుత్తి లేజర్‌కూ ఫలితంలో చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు.

దురదతో పాటు అక్కడి చర్మం తెల్లగా మచ్చలు కట్టి పలచబడితే అది లైకెన్ స్క్లిరోసస్ అనే వేరే జబ్బు కావొచ్చు. దానికి స్టెరాయిడ్ పూత కావాలి, ఈస్ట్రోజెన్‌తో పోదు. షుగరు ఉండి, ఎంపాగ్లిఫ్లోజిన్, డాపాగ్లిఫ్లోజిన్ లాంటి మాత్రలు వాడేవాళ్లకు వచ్చే దురద నిజంగానే ఫంగస్ కావొచ్చు. చూసి చెప్పాల్సిన జబ్బును ఫోన్లో విని మందు చెబితే ఈ తేడాలేవీ తెలియవు. ఇక నెలసరి ఆగి ఏడాది దాటాక ఒక్క చుక్క రక్తం కనబడినా, పొడితనం వల్లేలే అని మీరే తేల్చేసుకోకండి. స్కానింగ్ చేసి గర్భసంచి లోపొర మందం చూడాలి, అవసరమైతే ముక్క తీసి పరీక్షించాలి. అది క్రీము వాడుతున్నవాళ్లకూ, వాడనివాళ్లకూ ఒకటే.

మీ ఇంట్లో యాభై దాటిన అమ్మకో, అత్తయ్యకో, పిన్నికో మూత్రంలో మంట ఏడాదిలో రెండు మూడు సార్లు వచ్చి ఉంటే, ఈసారి యాంటీబయాటిక్ వేసుకునే ముందే యూరిన్ కల్చర్‌కు ఇప్పించండి. ఏమీ పెరగలేదని రిపోర్టు వస్తే దాన్ని తీసుకుని గైనకాలజిస్టు దగ్గరికి తీసుకెళ్లండి. లోపల పరీక్ష చేయమని, యోనిలో వాడే ఈస్ట్రోజెన్ తనకు సరిపడుతుందేమో చెప్పమని నోరు విడిచి అడగండి.